25 కిలోల బియ్యం బస్తా 33 రోజులు రావాలి, 26కే అయిపోతోంది. తేడా ఎక్కడ?

గడపముగ్గు
ఇంట్లో నలుగురం. మేమిద్దరం, పద్నాలుగేళ్ల బాబు, ఏడేళ్ల పాప. అన్నం రెండు పూటలా ఇంట్లోనే. కుక్కర్‌తో వచ్చిన కప్పుతో రోజుకి ఐదు కప్పులు పోస్తాం. ఆ కప్పు 150 గ్రాములు పడుతుందని దాని కాగితంలో ఉంది. అంటే రోజుకి 750 గ్రాములు. 25 కిలోల బస్తా 33 రోజులు రావాలి కదా? పోయిన బస్తాకి తెరిచిన తేదీ రాసిపెట్టాను, 26వ రోజు రాత్రికి అడుగు కనిపించింది. అంతకుముందుదీ ఇంచుమించు ఇంతే. వారం రోజుల బియ్యం ఎక్కడికి పోతోంది? బస్తాలోనే తక్కువ పోస్తున్నారా?

చింతచెట్టునీడ
మూతి బాగా కట్టి, చెమ్మ తగలకుండా పెడితే ఆరు నెలలైనా వస్తుందండీ. పురుగు పట్టిందా అని నెలకోసారి చూసుకుంటే చాలు.

గడపముగ్గు
@చింతచెట్టునీడ పాడవడం గురించి కాదండీ, తినడానికి ఎన్ని రోజులొస్తుందని అడిగాను. మా ఇంట్లో పురుగు పట్టేంత కాలం మిగలదు.

లెక్కలమాస్టారు
ఇంత వెతకక్కర్లేదు. పెద్ద మనిషికి నెలకి 7 కిలోలు, పిల్లలకి సగం. మీకు 7+7+3.5+3.5, మొత్తం 21 కిలోలు. బస్తా 35 రోజులు రావాలి. 26కే అయిపోతోందంటే తూకంలో మోసమే.

రెండోకూర
మాస్టారూ, పద్నాలుగేళ్ల మగపిల్లాడిని సగం మనిషి కింద వేశారా! మా ఇంట్లో అందరికంటే ఎక్కువ తినేది వాడి ఈడువాడే. బడి నుంచి వచ్చి ఒకసారి, రాత్రి మరోసారి.

స్టోర్‌గది
హాస్టల్ వంటశాలలో సరుకుల రిజిస్టరు చాలా ఏళ్లు రాశాను కాబట్టి చెబుతున్నా. తూకం మీద అనుమానం ఉంటే అది తీర్చుకోవడం తేలిక. కొత్త బస్తా తెరవకముందే తూచండి. ఒళ్లు బరువు చూసుకునే మిషన్ మీద మీరు ఒక్కరే ఎక్కి ఒకసారి, బస్తా ఎత్తుకుని ఒకసారి చూడండి. రెండింటి తేడాయే బస్తా. అలాంటి మిషన్లు ఒకటి రెండు వందల గ్రాములు అటూ ఇటూ చూపించవచ్చు, పాతిక కిలోల మీద అది పట్టించుకోనక్కర్లేదు. ఐదారు కిలోలు తక్కువుంటే మాత్రం కచ్చితంగా తెలిసిపోతుంది.

నా అనుమానం బస్తా మీద కాదు, కప్పు మీద. 150 గ్రాములనేది పైన చదును చేసిన కప్పుకి. మీరు ఎలా పోస్తారు? డబ్బాలో ముంచి, పైన గుట్టగా ఉండగానే గిన్నెలో వేస్తారా? ఒక్క కప్పు తూస్తే సరిపోదు. మీరు రోజూ పోసేలాగే పది కప్పులు ఒక గిన్నెలో పోసి, మొత్తం తూచి, పదితో భాగించండి. వంట చేసేవాళ్లు ఇద్దరైతే ఇద్దరి చేతా పోయించండి. ఒక్కో చేతికి ఒక్కో కొలత ఉంటుంది.

వేడివేడిగా
ఇది నిజం. మా అత్తగారి గ్లాసు, నా గ్లాసు ఒకటే. ఆవిడ పోస్తే అన్నం మిగులుతుంది, నేను పోస్తే చాలదు.

లెక్కలమాస్టారు
గుట్టగా పోసినా ఎంత తేడా వస్తుంది, పది గ్రాములా? పది గ్రాములు రోజుకి ఐదుసార్లంటే యాభై. దాంతో వారం రోజుల బియ్యం మాయం కాదు.

గడపముగ్గు
తూచాను. నేను పోసిన పది కప్పులు కలిపి 1720 గ్రాములు వచ్చాయి. అంటే కప్పుకి 172. చదునుగా తీసి మళ్లీ పోస్తే పదీ కలిపి 1500కి కొంచెం అటూ ఇటూ. కాగితంలోది సరైనదే, మేం పోసేదే ఎక్కువ. కొత్త బస్తా కూడా తూచాను, 25కి దగ్గరగానే చూపించింది. ఇక ఎవరినీ అనుమానించాల్సిన పని లేదు.

172 లెక్కన రోజుకి 860 గ్రాములు. అలా చూసినా 29 రోజులు రావాలి. ఇంకా మూడు రోజుల బియ్యం దొరకడం లేదు.

పచ్చితౌడు
పాత బియ్యమా, కొత్త బియ్యమా? ఇది ఎవరూ అడగలేదు. కొత్త బియ్యం ఒదగదు. అదే పాత బియ్యమైతే అన్నం బాగా పెరుగుతుంది, తక్కువ పోస్తే చాలు. మేం పాతవే వాడతాం, బస్తా నాలుగైదు రోజులు ఎక్కువొస్తుంది.

స్టోర్‌గది
@పచ్చితౌడు పాతవి ఎక్కువ నీళ్లు పీల్చి ఎక్కువ పెరుగుతాయన్నది నిజమే. కానీ ఆ పెరిగింది నీళ్లే. గింజలోని పిండి పెరగదు కదా. పళ్లెం నిండింది కదా అని చాలు అనుకునేవాళ్లకి బస్తా ఎక్కువొస్తుంది, ఆకలిని బట్టి తినేవాళ్లకి రాదు. నేను చూసిన హాస్టళ్లలో పిల్లలు పాత బియ్యం అన్నం మరోసారి పెట్టించుకునేవాళ్లు.

@గడపముగ్గు ఆ మూడు రోజుల బియ్యం అన్నంలోకి పోయిందని ఎందుకు అనుకుంటున్నారు? బస్తాలోంచి అన్నానికి కాక ఇంకా దేనికి తీస్తారు? నానబోసి రుబ్బుతారా? పిండి పట్టిస్తారా? ఎవరైనా వచ్చి భోంచేశారా?

గడపముగ్గు
అవును, వారానికోసారి అరకిలో నానబోస్తాం. అది కూడా ఈ బస్తాలోంచే తీస్తాం, లెక్కలో వేయలేదు. ఆ నెలలో ఒక రోజు నలుగురు వచ్చి రెండు పూటలు ఉన్నారు. ఆ రోజు మామూలుకంటే నాలుగు కప్పులు ఎక్కువ పోశాం.

స్టోర్‌గది
అయితే ఇక కూడదాం.

రోజూ అన్నానికి 860 గ్రాములు, 26 రోజులకి 22,360. నానబోసింది నాలుగు సార్లు అరకిలో, 2,000. చుట్టాలకి నాలుగు కప్పులు, 688. మొత్తం 25,048. బస్తా 25,000.

అచ్చంగా కలిసిందని మురిసిపోకండి. రోజూ ఐదు కప్పులే పోసి ఉండరు, ఒక రోజు నాలుగున్నర, ఒక రోజు ఐదున్నర అయ్యుంటాయి. కానీ మీ బియ్యం ఎక్కడికి వెళ్లిందో దారి దొరికింది. కాగితం లెక్కకి, మీ వాడకానికి మధ్య ఉన్న ఐదున్నర కిలోల్లో సగానికి పైగా కప్పు మీది గుట్టది, మిగిలింది నానబోసిన బియ్యం, చుట్టాలు.

రెండోకూర
మాస్టారు చెప్పిన పది గ్రాముల గుట్ట 22 గ్రాములైంది, నెలకి దాదాపు మూడు కిలోలు తేలింది. నేనూ ఇవాళే తూస్తాను.

గడపముగ్గు
అయితే ఇకనుంచి కప్పు చదునుగా తీసి పోస్తే బస్తా 30 రోజులు వస్తుందన్నమాట. వారానికి 750×7, దానికి అరకిలో కలిపితే 5,750. 25,000ని దాంతో భాగిస్తే నాలుగు వారాల మీద రెండు రోజులు.

వేడివేడిగా
రాదు. కప్పు చదును చేస్తే ఆకలి తగ్గుతుందా? నాలుగో రోజుకి ఐదు కప్పులు చాలడం లేదని ఆరు పోస్తారు. ఆరు చదును కప్పులంటే 900 గ్రాములు, ఇప్పటికంటే ఎక్కువే. నేనిది చేసి చూశాను. గ్లాసు మారింది, బస్తా మారలేదు.

స్టోర్‌గది
వేడివేడిగా గారి మాట పట్టుకోండి. కొలత సరిచేస్తే మీ అంచనా సరి అవుతుంది, వాడకం తగ్గదు. మీ ఇల్లు తినేది రోజుకి 860, అంతే. దాన్ని ఐదు గుట్ట కప్పులతో పోసినా, ఐదూ ముప్పావు చదును కప్పులతో పోసినా ఒకటే. వాడకం నిజంగా తగ్గేది ఒకే చోట, రోజూ మిగిలి పారేసే అన్నంలో. మీ ఇంట్లో ఎంత మిగులుతుంది?

గడపముగ్గు
రోజూ కొంచెం మిగులుతుంది. ఎంతో ఎప్పుడూ చూడలేదు. చిన్న గిన్నెడు ఉంటుందేమో.

స్టోర్‌గది
ఆ గిన్నెడు తూచండి. 100 గ్రాముల బియ్యం ఉడికితే 250 నుంచి 300 గ్రాముల అన్నం అవుతుంది, మీరు పోసే ఎసరుని బట్టి. మిగిలింది 250 గ్రాముల అన్నమైతే అది 80 నుంచి 100 గ్రాముల బియ్యం. రోజూ అంతే పారేస్తే నెల తిరిగేసరికి రెండున్నర, మూడు కిలోలు. మీకు మూడు రోజుల బియ్యం అది. మిగిలింది మర్నాడు తినేస్తారా, పారేస్తారా అన్నది వేరే విషయం. తినేస్తే అది నష్టం కాదు.

రాత్రిడ్యూటీ
నా సంగతి చెప్పండి. ఒక్కదాన్నే ఉంటాను. ఎక్కువ తీసుకుంటే మేలని 25 కిలోలు తెచ్చుకున్నాను. వారంలో కొన్ని పూటలు డ్యూటీలోనే తింటాను. నెలలు గడిచినా బస్తా తరగడం లేదు. ఇప్పుడు నల్లటి చిన్న పురుగులు పాకుతున్నాయి.

లెక్కలమాస్టారు
పెద్ద మనిషికి నెలకి 7 కిలోలు. మీకు మూడున్నర నెలలు వస్తుంది.

రాత్రిడ్యూటీ
మూడున్నర నెలలు దాటిపోయాయండీ, ఇంకా మూడో వంతు పైనే ఉంది.

స్టోర్‌గది
తలలు లెక్కపెట్టకూడదని అందుకే అంటాను. మనుషుల్ని కాదు, పూటల్ని లెక్కపెట్టాలి. వారానికి ఇంట్లో ఎన్ని పూటలు అన్నం తింటారు?

రాత్రిడ్యూటీ
ఎనిమిదో తొమ్మిదో. పూటకి ముప్పావు కప్పు పోస్తాను, అదే కుక్కర్ కప్పు, చదునుగా.

స్టోర్‌గది
ముప్పావు కప్పంటే 110 గ్రాములు. తొమ్మిది పూటలకి ఇంచుమించు కిలో. అంటే మీకు వారానికి కిలో, 25 కిలోలు దాదాపు ఆరు నెలలు. మాస్టారి లెక్క ప్రకారం నెలకి 7, మీరు తినేది నాలుగు కిలోల పైచిలుకు. ఒక్క మనిషి దగ్గరే ఇంత తేడా వస్తోంది చూడండి.

పాకుతున్నది ముక్కుపురుగు. ఆడపురుగు గింజకి చిన్న కన్నం చేసి లోపల గుడ్డు పెడుతుంది. గింజ లోపలే పెరిగి, వెచ్చటి కాలంలో నెల నుంచి నెలా పదిరోజుల్లో బయటికొస్తుంది. అందుకే బస్తా కొన్నప్పుడు శుభ్రంగా కనిపించినా తర్వాత పురుగు పుడుతుంది. నెల లోపు బస్తా ఖాళీ చేసే ఇంట్లో ఇది పెరిగే వ్యవధే దొరకదు. ఆరు నెలలు ఉంచే ఇంట్లో అయితే తరం తర్వాత తరం పుడుతూనే ఉంటుంది.

మీరు ఇకమీదట ఐదు కిలోలే కొనండి. ఐదు వారాల్లో అయిపోతుంది. ఎక్కువ కొంటే మేలు అన్నది త్వరగా తినేవాళ్లకే.

చింతచెట్టునీడ
ఎండలో ఒక పూట ఆరబోయండి, పురుగంతా పారిపోతుంది. మా ఇంట్లో ఎప్పటినుంచో అదే చేస్తాం.

పచ్చితౌడు
మండుటెండలో పోయకండి. గింజ పగిలిపోతుంది, వండితే సగం నూకలే. నీడలో, గాలి తగిలేలా పరిచి, చెరిగి, జల్లించాలి.

చింతచెట్టునీడ
మా బియ్యం ఎప్పుడూ పగల్లేదు.

పచ్చితౌడు
పగుళ్లు పచ్చి గింజలో తేలిగ్గా కనబడవండీ. ఉడికాక చూడండి, గింజ రెండు ముక్కలుగా ఉంటుంది.

స్టోర్‌గది
ఎండైనా నీడైనా పారిపోయేది పెద్ద పురుగే, గింజ లోపల ఉన్నది ఉండిపోతుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో జాగా ఉంటే మూతపడే డబ్బాల్లో వారం పాటు పెట్టండి, లోపలిది కూడా చస్తుంది. బయటికి తీశాక మామూలు వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు, తీస్తే చెమ్మ పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, పాత బస్తాలో మిగిలిన దాని మీద కొత్తది పోయకండి. పురుగు అంటుకోవడం ఒకటైతే, ఏ బస్తా ఎప్పుడు అయిపోయిందో తెలియకపోవడం రెండోది. లెక్క అక్కడే చెడుతుంది.

గడపముగ్గు
@స్టోర్‌గది మేం డ్రమ్ములో పోస్తాం, అడుగున ఉన్నవి తీయకుండానే. ఈసారి ఖాళీ చేసి పోస్తాను.

మరచప్పుడు
గోధుమపిండికి ఇదే లెక్క పనిచేస్తుందా? మేం ఇద్దరమే. రాత్రికి మొత్తం పన్నెండు చపాతీలు. కిలో పిండికి ముప్పైమూడు అవుతాయని విన్నాను, అంటే ఒక్కోదానికి 30 గ్రాములు, రోజుకి 360. 10 కిలోల సంచి 27 రోజులు రావాలి. 24కే అయిపోతోంది. మా దగ్గర కప్పు లేదు, గుట్ట లేదు. చపాతీలు ఎన్నో కచ్చితంగా తెలుసు.

వేడివేడిగా
జల్లిస్తారా?

మరచప్పుడు
జల్లిస్తాం. పొట్టు తీసేస్తాం.

వేడివేడిగా
ఒత్తేటప్పుడు పొడిపిండి అద్దుతారా? ఆ పళ్లెంలో మిగిలింది మళ్లీ డబ్బాలో వేస్తారా, దులిపేస్తారా?

మరచప్పుడు
దులిపేస్తాం. అందులో ముద్ద తుంపులు ఉంటాయి కదా.

వేడివేడిగా
అదేనండీ మీ మూడు రోజులు. చపాతీకి అద్దే పొడి మూడు గ్రాములనుకోండి, పన్నెండింటికి 36. రోజుకి 360 కాదు, 396. జల్లెడలో పోయే పొట్టు మీ జల్లెడ కన్నాన్ని బట్టి, సంచికి అరకిలో అనుకుందాం. తొమ్మిదిన్నర కిలోల్ని 396తో భాగిస్తే 24 రోజులు. మా ఇంట్లో పొట్టు తీయడం మానేశాం, పిండి రెండు రోజులు ఎక్కువ వస్తోంది. చపాతీ కొంచెం ముతకగా ఉంటుంది కానీ పిల్లలు అలవాటుపడ్డారు.

మరచప్పుడు
పొడిపిండి ఇంత తింటుందనుకోలేదు. అయితే ఒకేసారి 20 కిలోలు పట్టించుకుంటే నెలన్నర చూసుకోనక్కర్లేదు కదా?

పచ్చితౌడు
వద్దు. పిండి బియ్యంలా ఆగదు. గోధుమ గింజలో మొలకొచ్చే భాగంలో నూనె ఉంటుంది. మరలో పడ్డాక అది పిండంతటికీ అంటుకుంటుంది, గాలి తగిలి నూనె చెడుతుంది. వేడి కాలంలో నెల దాటిన పిండి రుచి నాకు తెలిసిపోతుంది.

రెండోకూర
ఎలా తెలుస్తుంది? నాకు ఎప్పుడూ పిండి వాసనే అనిపిస్తుంది.

పచ్చితౌడు
చిటికెడు నాలుక మీద వేసుకోండి. మంచి పిండి కొంచెం తియ్యగా ఉంటుంది. చెడింది ముందు ఏమీ అనిపించకపోయినా చివర్లో చేదు తగులుతుంది, పాత నూనె డబ్బా మూత తీసినట్టు వాసనొస్తుంది. వేళ్లతో నలిపితే ఉండలు విడకపోతే అది చెమ్మ. మర నుంచి వచ్చిన పిండి వేడిగా ఉండగానే డబ్బాలో పోసి మూత పెడితే వచ్చే తంటా అది. ఆవిరి లోపలే ఉండిపోయి మూత కింద నీళ్లు పడతాయి. పరిచి, పూర్తిగా చల్లారాక పోయాలి.

స్టోర్‌గది
దీనికి నేనూ ఒప్పుకుంటా. గోధుమలు రెండు నెలలకి కొనుక్కుని, పిండి మాత్రం మూడు నాలుగు వారాలకి సరిపడా పట్టించుకోండి @మరచప్పుడు. మీకైతే పది కిలోలే సరైన కొలత. 24 రోజుల్లో అయిపోవడం మీకు మంచిదే.

లెక్కలమాస్టారు
తలకి ఇంత అనే లెక్క పూర్తిగా పనికిరాదంటే ఒప్పుకోను. కొత్తగా కాపురం పెట్టినవాళ్లకి తూచి చూసుకోవడానికి అంతకుముందు వాడకమే ఉండదు. మొదటి నెల ఏదో ఒక అంకెతో మొదలుపెట్టాలి కదా.

స్టోర్‌గది
మొదటి నెలకి సరే మాస్టారూ. కానీ అప్పుడు కూడా మనిషికి పూటకి 100 గ్రాములు అని మొదలుపెట్టి, ఇంట్లో తినే పూటలతో హెచ్చిస్తే మీ ఏడు కిలోలకంటే దగ్గరగా వస్తుంది. రెండో బస్తా నుంచి అంకెలు ఎవరినీ అడగక్కర్లేదు, బస్తాయే చెబుతుంది.

గడపముగ్గు
బస్తా అయిపోయేదాకా ఆగకుండా మధ్యలోనే తెలుసుకునే దారి ఉందా? పోయిన నెల సరిగ్గా అయిపోయిన రోజే దుకాణం మూసి ఉంది.

స్టోర్‌గది
ఉంది. సరిగ్గా రెండు వారాలు గడిచాక మిగిలింది తూచండి. పది రోజులకి తూస్తే నానబోసే రోజు ఒకసారే పడొచ్చు, రెండుసార్లు పడొచ్చు, అంచనా పక్కకి పోతుంది. పూర్తి వారాలైతే అన్నీ లోపలికి వస్తాయి. మీ వాడకం వారానికి 860×7, దానికి 500, అంటే 6,520. రెండు వారాలకి 13 కిలోలు పోయి 12 కిలోలు మిగలాలి. మిగిలిన పన్నెండూ ఇంకో 12, 13 రోజులు. 12 బదులు 10 కిలోలే ఉంటే ఆ రెండు వారాల్లో ఏదో ఎక్కువ జరిగింది, అప్పటికింకా గుర్తుంటుంది కూడా. తూచడం కుదరకపోతే డ్రమ్ము అంచులు నిటారుగా ఉంటే సగం దగ్గర గీత గీయండి. కిందికి సన్నబడే డ్రమ్ము అయితే ఆ గీత మోసం చేస్తుంది, సగం గీత దగ్గర సగం కంటే తక్కువే ఉంటుంది.

కొత్త బస్తా ఎప్పుడు తేవాలంటే, మీరు మూడు రోజులు దుకాణానికి వెళ్లలేకపోయినా, ఆ మూడు రోజుల్లో చుట్టాలొచ్చినా చాలేంత మిగిలి ఉండగానే. మీ ఇంటికి అది నాలుగు కిలోలు.

వేడివేడిగా
నాలుగు కిలోలు చాలవు, ఐదు ఉంచుకోండి. చుట్టాలు వస్తే ఒక్క రోజే ఉంటారని ఎవరు చెప్పారు?

స్టోర్‌గది
అది మీ చుట్టాలని బట్టి ఉంటుంది, నా దగ్గర దానికి అంకె లేదు.

పచ్చితౌడు
పాత బియ్యం సంగతి మాత్రం తేల్చలేదు @స్టోర్‌గది. హాస్టల్ పిల్లలు వేరు, ఇల్లు వేరు. మా ఇంట్లో పాతవి వాడినప్పుడు నాలుగు కప్పులు, కొత్తవైతే ఐదు. ఎవరూ ఆకలితో లేవరు.

స్టోర్‌గది
నాలుగు కప్పులు పాతవి తూచండి, ఐదు కప్పులు కొత్తవి తూచండి, మీ చేత్తోనే. తర్వాత మాట్లాడదాం.

పచ్చితౌడు
ఇప్పుడు ఇంట్లో ఉన్నవి పాతవే. కొత్తవి వచ్చాక తూచి ఇక్కడే పెడతా.

గడపముగ్గు
కొత్త బస్తా ఆదివారం తెరుస్తున్నాను. సంచి మీద తేదీ, పక్కనే కాగితం. నానబోసిన రోజు, బయటివాళ్లు తిన్న రోజు అందులో రాస్తాం, మామూలు రోజులు రాయం. రాసే పని బాబుకి ఇచ్చాను. రాత్రి మిగిలిన అన్నం తూచే పని కూడా వాడే అడిగి తీసుకున్నాడు. నిన్న 310 గ్రాములు వచ్చింది.